ఒక బోనస్, ఒక బదిలీ, రెండు గడువులు

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. 2025 ఏప్రిల్ 1న అక్కడ ప్రొడక్షన్ మేనేజరుగా చేరిన ఒకాయనకి నవంబరు మొదటి వారంలో మెయిల్ వచ్చిందనుకుందాం. జనవరి 1 నుంచి చెన్నై ఆఫీసులో పనిచేయాలి, ఇల్లు మారే ఖర్చుకి అరవై వేలు ఇస్తాం, వారంలోగా జవాబివ్వండి. మెయిల్లో ఉన్నది అంతే. కాపురం పాలకొల్లులో. భార్య అక్కడే ప్రైవేటు స్కూల్లో టీచరు, పాప ఐదో తరగతి. వెళ్లాల్సిన తేదీ సరిగ్గా సంక్రాంతికి రెండు వారాల ముందు.

ఇలాంటి మెయిల్ వచ్చిన రోజున ఇంట్లో మాటలన్నీ చెన్నై అద్దెల మీదా, అత్తగారి ఆరోగ్యం మీదా, పాప స్కూలు మీదా నడుస్తాయి. చేరేటప్పుడు తీసుకున్న 2,40,000 రూపాయల జాయినింగ్ బోనస్ గుర్తొచ్చేది అన్నిటికన్నా చివర్న. "పోనీ, వెళ్లనంటే ఏమవుద్ది?" అని ఎవరో అన్నాక బీరువాలోంచి ఆఫర్ లెటర్ బయటికొస్తుంది.

ఈ మేనేజరు కల్పితం. అంకెలు కూడా లెక్క తేలిగ్గా తేలేలా ఎంచుకున్నవే. షరతులు మాత్రం ఆఫర్ లెటర్లలో మామూలుగా కనబడేవి. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒకటి. బదిలీ ఖర్చు బేరం, బోనస్ షరతు వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి గానీ రెండూ కలిసేది ఒకే కాగితం మీద. పాత షరతుని సరిచేసుకునే వీలు ఆ కాగితం మీదే ఉంది. చూసుకోకుండా సంతకం పెడితే ఇంకాస్త బిగుసుకునేదీ అక్కడే.

## ఆ డబ్బు జీతమా, అప్పా?

జాయినింగ్ బోనస్ అంటే ఉద్యోగంలో చేరినందుకు ఒకేసారి ఇచ్చే మొత్తం. పాత కంపెనీలో వదులుకున్న బోనస్‌కి బదులుగానో, అక్కడ కట్టాల్సిన నోటీసు డబ్బు కోసమో, లేదా నెల జీతం పెంచలేక దాని బదులుగానో ఇస్తారు. పన్ను లెక్కలో అది జీతమే. ఇచ్చిన నెలలోనే టీడీఎస్ కోసేస్తారు. ఒప్పందం లెక్కలో మాత్రం అది షరతు మీద ఇచ్చిన డబ్బు: ఇన్ని నెలలు ఉంటేనే నీది, మధ్యలో వెళితే తిరిగివ్వాలి.

చెరువు లీజుకు ఇచ్చినవాళ్లకీ తీసుకున్నవాళ్లకీ ఈ సంగతి కొత్త కాదు. రెండేళ్ల లీజు సొమ్ము ముందే చేతులు మారుతుంది. మధ్యలో ఒకరు తప్పుకుంటే మిగిలిన నెలల డబ్బు ఎవరిది అన్నది కాగితంలో ఏం రాసుకున్నారన్నదాన్ని బట్టి తేలుతుంది. కాగితంలో లేకపోతే పెద్దమనుషుల దగ్గర తేలుతుంది. ఉద్యోగంలో పెద్దమనుషులు ఉండరు. హెచ్ఆర్ ఉంటారు, వాళ్లు కంపెనీ మనుషులు.

మన మేనేజరు లెటర్లో షరతు ఇలా ఉంది: చేరిన తేదీ నుంచి 24 నెలల లోపు ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే, చెల్లించిన జాయినింగ్ బోనస్ మొత్తాన్ని తిరిగి ఇవ్వాలి. వాక్యం చిన్నదే. దాని బరువంతా మూడు చోట్ల ఉంది.

## "ఏ కారణం చేతనైనా", "మొత్తం", "చెల్లించిన"

మొదటిది "ఏ కారణం చేతనైనా". కొన్ని లెటర్లలో దీని బదులు "స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే, లేదా తప్పు చేసినందుకు తొలగిస్తే" అని ఉంటుంది. రెండింటికీ తేడా చాలా ఉంది. రెండో రకంలో, పని లేదని కంపెనీయే పంపించేస్తే బోనస్ మీకే ఉంటుంది. మొదటి రకాన్ని అక్షరాలా చదివితే, కంపెనీ ప్లాంటు మూసేసి పంపించినా డబ్బు అడగొచ్చు. బదిలీ విషయానికొస్తే ఈ రెండు రకాలకీ మధ్య ఒక సందు ఉంది. చెన్నై వెళ్లలేక మానేసినవాడు స్వచ్ఛందంగా మానేసినట్టా, కాదా? కంపెనీ ఔనంటుంది. ఉద్యోగి, "నేను భీమవరం ఉద్యోగానికి చేరాను, అది మీరే తీసేశారు" అంటాడు.

ఈ వాదన ఎటు మొగ్గుతుందో చెప్పేది ఆఫర్ లెటర్లోనే మరో పేజీలో ఉండే బదిలీ షరతు. భారతదేశంలో ఎక్కడికైనా, గ్రూపులోని ఏ కంపెనీకైనా బదిలీ చేయొచ్చు అన్న వాక్యం చాలా లెటర్లలో ఉంటుంది. అది ఉంటే కంపెనీ పక్షం బలమైనది. పనిచేసే చోటు భీమవరం అని మాత్రమే ఉండి, బదిలీ మాట లేకపోతే ఉద్యోగి పక్షానికి బలం వస్తుంది. అందుకే బేరానికి దిగేముందు ఆ పేజీ వెతుక్కోవాలి. మన మేనేజరు లెటర్లో బదిలీ షరతు ఉంది. అంటే ఆయన చేతిలో ఉన్నది హక్కు కాదు, బేరమాడే వీలు మాత్రమే.

రెండోది "మొత్తం". ఇలా రాసినప్పుడు 23 నెలలు పనిచేసి మానేసినా 2,40,000 కట్టాల్సిందే. దీని బదులు "మిగిలిన నెలల దామాషాలో" అని ఉంటే నెలకి పదివేల చొప్పున తగ్గుతూ వస్తుంది. తొమ్మిది నెలలు నిండాక, డిసెంబరు 31న మన మేనేజరు మానేశాడనుకోండి. మొదటి రాత ప్రకారం 2,40,000. రెండో రాత ప్రకారం మిగిలిన 15 నెలలకి 1,50,000. ఒక్క పదానికి తొంభై వేల తేడా.

మూడోది "చెల్లించిన". ఇది పన్నులోకి తీసుకెళుతుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

## చేతికి రాని డబ్బు తిరిగివ్వడం

బోనస్ కాకుండా ఆయన ఏడాది జీతం 13,75,000. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 13 లక్షలు. 2025-26లో 12 లక్షల నుంచి 16 లక్షల దాకా పన్ను 15 శాతం కనుక, పైన పడిన 2,40,000 అంతా ఆ శ్లాబులోనే ఉంటుంది. పన్ను 36,000, దాని మీద 4 శాతం సెస్సు 1,440. చేతికొచ్చింది 2,02,560.

కంపెనీ మాత్రం "చెల్లించిన" అంటే 2,40,000 అంటుంది. వాళ్ల ఖాతాలోంచి పోయింది అంతే కనుక అందులో అబద్ధం లేదు. టీడీఎస్ వాళ్ల జేబులో మిగల్లేదు, ప్రభుత్వానికి వెళ్లింది. ఉద్యోగి బాధలోనూ అబద్ధం లేదు. 37,440 రూపాయలు ఆయన కళ్లతో చూడనే లేదు.

ఇక్కడ మార్చి 31 అన్న తేదీకి ప్రాముఖ్యం వస్తుంది. బోనస్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరంలోనే తిరిగి వసూలు చేస్తే, పేరోల్ వాళ్లు ఆ మేరకి జీతం తగ్గించి చూపించి, మిగతా నెలల టీడీఎస్ సర్దుబాటు చేయగలరు. డిసెంబరులో మానేస్తే అందుకు వీలుంది. అదే 2026 జూన్‌లో మానేస్తే, పాత ఏడాది లెక్కలు ముగిసి, ఫారం 16 కూడా వచ్చేసి ఉంటుంది. అప్పుడు పేరోల్ చేతులెత్తేస్తుంది. తిరిగిచ్చిన డబ్బు మీద కట్టిన పన్నుని ఉద్యోగే తన రిటర్న్‌లో అడుక్కోవాలి. నోటీసు జీతం కోత విషయంలో, చేతికి వచ్చిన జీతం మీదే పన్ను వేయాలని అహ్మదాబాద్ ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ 2017లో చెప్పింది. జాయినింగ్ బోనస్‌కీ అదే తర్కం వాడి వాదించొచ్చు. కానీ అది వాదన. రిఫండు దానంతట అది రాదు, ఆడిటరు ఫీజు మాత్రం అవుతుంది.

కాబట్టి షరతులో "పన్ను పోగా చేతికి అందిన మొత్తం" అన్న మాట చేర్పించుకోగలిగితే పదిహేను నెలల దామాషా 1,50,000 కాకుండా 1,26,600 అవుతుంది. నా లెక్కలో మూడు మాటల్లోనూ కంపెనీ ఒప్పుకోవడం కష్టమైంది ఇదే. ఆ తేడా వాళ్ల ఖర్చులోకి పోతుంది మరి.

జీఎస్టీ గురించి ఒక్క ముక్క. వసూలు నోటీసులో బోనస్ మీద 18 శాతం జీఎస్టీ కలిపారంటే ఒప్పుకోనక్కర్లేదు. నిర్ణీత కాలం పూర్తి చేయకుండా వెళ్లిన ఉద్యోగి నుంచి తీసుకునే జీతపు కోతకి, బాండు సొమ్ముకి జీఎస్టీ వర్తించదని 2022 ఆగస్టు 3 నాటి 178 నంబరు సర్క్యులర్ చెప్పింది.

## కోర్టుకెళితే?

ఈ షరతులు అసలు చెల్లవని చాలామంది ధీమాగా చెబుతారు. బాండు అంటే వెట్టిచాకిరీ, కోర్టులో నిలవదు అని. 2025 మే నెల తర్వాత ఆ ధీమా తగ్గించుకోవాలి. విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లు నిండకుండా వెళ్లిన అధికారి రెండు లక్షలు కట్టాలన్న షరతుని సమర్థించింది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం ఒక మనిషి వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదు. అయితే ఈ షరతు ఆయన్ని వేరే బ్యాంకులో చేరకుండా ఆపలేదని, వెళితే ఒక మొత్తం కట్టమన్నదని, అందుకే ఇది ఆ సెక్షన్‌కి విరుద్ధం కాదని కోర్టు అంది.

అలాగని ప్రతి కంపెనీ బాండూ నిలుస్తుందని కాదు. ఆ తీర్పులో బ్యాంకు ప్రభుత్వ రంగ సంస్థ. ఖాళీ వస్తే ప్రకటనలు, పరీక్షల పెద్ద తతంగం నడపాలి. ఆ ఖర్చుని కోర్టు లెక్కలోకి తీసుకుంది. పైగా ఆ ఉద్యోగి సీనియర్ మేనేజరు స్థాయివాడు, ఆయన జీతంతో పోలిస్తే మొత్తం మోయలేనిది కాదు. మామూలుగా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందం తప్పితే కాగితం మీద రాసిన అంకె గరిష్ఠం మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు.

ఇంకో తేడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. బాండు సొమ్ము అంటే మీరు తీసుకోని డబ్బు కట్టడం. బోనస్ వాపసు అంటే మీరు తీసుకున్న డబ్బు వెనక్కివ్వడం. "నష్టం ఎంత?" అన్న ప్రశ్న బాండుకి సూటిగా తగులుతుంది, బోనస్‌కి అంత సూటిగా తగలదు. షరతు మీద ఇచ్చాం, షరతు తీరలేదు, ఇచ్చింది ఇచ్చేయమంటున్నాం అని కంపెనీ తేలిగ్గా చెప్పగలదు. ఉద్యోగి వైపు గట్టి వాదన వేరేది: 23 నెలలు పని చేయించుకుని మొత్తం అడగడం న్యాయమైన పరిహారం ఎలా అవుతుందని, వెళ్లిపోయే పరిస్థితి తెచ్చింది కంపెనీయే కదా అని. రెండూ బలమున్న మాటలే. అయితే లక్షన్నర కోసం ఇద్దరిలో ఎవరూ సివిల్ కోర్టు మెట్లెక్కడానికి ఉత్సాహపడరు.

నిజానికి వ్యవహారం తేలేది కోర్టులో కాదు, ఫైనల్ సెటిల్‌మెంటులో. చివరి జీతం, సెలవుల డబ్బు కంపెనీ చేతిలో ఉంటాయి. రిలీవింగ్ లెటరూ వాళ్ల దగ్గరే ఉంటుంది. కొత్త కంపెనీ అది అడుగుతుంది కనుక చాలామంది వాదన మాని డబ్బు కట్టేస్తారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, మానేసినవాడికి రెండు పనిదినాల్లో బకాయి జీతం ఇవ్వాలి. ఒక జీతకాలంలో కోతలు జీతంలో సగానికి మించకూడదు. పీఎఫ్ మామూలుగా కంపెనీ దగ్గర ఉండదు కాబట్టి "పీఎఫ్ ఆపేస్తాం" అన్న బెదిరింపుకి బలం లేదు.

## అరవై వేలు ఎక్కడ తరిగిపోతుంది

ఇప్పుడు బదిలీ ఖర్చుకి వద్దాం. మన మేనేజరు ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాడు. పాలకొల్లు నుంచి చెన్నైకి సామాను ప్యాకింగ్, లారీ 42,000. మనుషుల ప్రయాణం 8,000. ఇల్లు దొరికేదాకా పన్నెండు రోజులు హోటలు 36,000. ఇంటి బ్రోకరుకి ఒక నెల అద్దె 26,000. పాప స్కూలు అడ్మిషను 40,000. మొత్తం 1,52,000. ఇంటి డిపాజిట్ మూడు నెలల అద్దె, 78,000. అది తిరిగొచ్చే డబ్బు కనుక ఖర్చులో కలపలేదు గానీ, జనవరిలో చేతిలోంచి తీసి ఇవ్వాల్సిందే.

కంపెనీ ఇస్తానన్న అరవై వేలు "రీలొకేషన్ అలవెన్సు" పేరుతో జీతంలో కలిసి వస్తుంది. బిల్లులు అడగరు. సుఖంగా ఉందనిపిస్తుంది గానీ, ఆయన శ్లాబులో సెస్సుతో కలిపి 15.6 శాతం పోతుంది. అందేది 50,640.

ఇక్కడ డబ్బు ఎంత అన్నదానితో పాటు ఏ రూపంలో వస్తుందన్నదీ చూడాలి. 2025-26కి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(14), నిబంధన 2BB ప్రకారం బదిలీ మీద ప్రయాణానికి, సామాను ప్యాకింగుకి, రవాణాకి ఇచ్చిన మొత్తానికి, నిజంగా ఖర్చు పెట్టిన మేరకి, పన్ను లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకీ ఈ మినహాయింపు ఉంది. బదిలీ మీద వెళ్లినప్పుడు పదిహేను రోజుల దాకా కంపెనీ ఇచ్చే హోటలు బస కూడా పన్నుకి తగిలే సదుపాయం కాదు. బ్రోకరు కమిషను, స్కూలు అడ్మిషను మాత్రం ఈ గొడుగు కిందికి రావు. అవి కంపెనీ ఇస్తే జీతంతో సమానమే.

కాబట్టి మన మేనేజరు అడగాల్సింది "అరవై వేలు చాలవండీ, లక్షన్నర ఇవ్వండి" అని కాదు. లారీ, టిక్కెట్లు, హోటలు, ఈ మూడూ కంపెనీయే నేరుగా కట్టాలి లేదా బిల్లుల మీద ఇవ్వాలి. అది 86,000, పన్ను లేదు. మిగతావాటికి నగదుగా 40,000, పన్ను పోగా 33,760. డిపాజిట్‌కి 78,000 వడ్డీ లేని అడ్వాన్సు, నెలకి 6,500 చొప్పున ఏడాదిలో కోసుకోవచ్చు. కంపెనీకి అయ్యే ఖర్చు 1,26,000. ఆయనకి అందే విలువ 1,19,760. మొదటి ప్రతిపాదనలో ఆయన జేబులోంచి లక్ష దాటి పడేది. ఇందులో ముప్ఫైరెండు వేలు పడుతుంది.

కంపెనీ దానికెందుకు ఒప్పుకుంటుంది? ఆయన మానేస్తే ఆ స్థానంలో మనిషిని వెతికిపెట్టే కన్సల్టెన్సీకి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, ఫీజుగా ఇవ్వడం మన దేశంలో మామూలు. ఆయన జీతం మీద అది లక్షా పధ్నాలుగు వేల పైచిలుకు. కొత్త మనిషి మళ్లీ జాయినింగ్ బోనస్ అడుగుతాడు. ఈ లెక్క హెచ్ఆర్ వాళ్లకి మీరు చెప్పనక్కర్లేదు, వాళ్ల దగ్గర ఉంటుంది. మీకు తెలిసి ఉంటే గొంతులో తేడా వస్తుంది, అంతే.

## పాప స్కూలు, రెండో గడువు

పాపని ఐదో తరగతి మధ్యలో మార్చలేరు. టీచరుగా ఆవిడా ఏడాది చివరిదాకా స్కూలు వదల్లేదు. అందుకని ఆయన జనవరిలో ఒక్కడూ వెళ్లి, కాపురాన్ని వేసవి సెలవుల్లో మార్చాలనుకున్నాడు. మన వైపు చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఇక్కడే రెండు చిక్కులొస్తాయి.

మొదటిది, రీలొకేషన్ పాలసీల్లో క్లెయిము గడువు ఉంటుంది. బదిలీ తేదీ నుంచి అరవై రోజులో తొంభై రోజులో. జూన్‌లో లారీ బిల్లు పెడితే గడువు దాటిందంటారు. కాబట్టి సామాను ఖర్చు 2026 జూన్ 30 దాకా చెల్లుతుందని ముందే రాయించుకోవాలి. మధ్యలో ఐదు నెలలు ఆయన పీజీలో ఉండే ఖర్చు, నెలకోసారి నర్సాపురం రైలెక్కి వచ్చే ఖర్చు కూడా అడిగి చూడొచ్చు. కుటుంబం ఆలస్యంగా కదలడం వల్ల హోటలు ఖర్చు చాలావరకు తగ్గుతుంది కనుక ఆ డబ్బునే ఇటు మళ్లించమనడం సమంజసంగా ఉంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. బదిలీ ఖర్చు ఇచ్చే కాగితంలో దాని సొంత వాపసు షరతు ఉంటుంది: పన్నెండు నెలల లోపు మానేస్తే ఈ ఖర్చంతా తిరిగివ్వాలని. ఎప్పటి నుంచి పన్నెండు నెలలు? బదిలీ తేదీ నుంచి అంటే 2026 డిసెంబరు ఆఖరుకి తీరిపోతుంది. "చివరి చెల్లింపు తేదీ నుంచి" అని ఉంటే, జూన్‌లో లారీ బిల్లు ఇచ్చాక మళ్లీ మొదలై 2027 జూన్ దాకా పోతుంది. అప్పుడు బోనస్ గడువు 2027 మార్చి 31న తీరినా బదిలీ గడువు తీరదు. కొన్ని కాగితాల్లో ఇంకో వాక్యం కూడా దూరుతుంది, జాయినింగ్ బోనస్ కాలాన్ని బదిలీ తేదీ నుంచి లెక్కిస్తామని. దాని మీద సంతకం పెడితే అప్పటిదాకా పనిచేసిన తొమ్మిది నెలలూ ఏట్లో కలిసినట్టే.

రెండు గడువులూ కలిసి నడిచేటప్పుడు బరువెంతో చూద్దాం. ఆయన చెన్నై వెళ్లి, ఆరు నెలలు చూసి, 2026 జూన్ ఆఖరున మానేశాడనుకోండి. చేరి 15 నెలలు, బదిలీ అయి 6 నెలలు. సులువుగా ఉండేందుకు 1,26,000 అంతా అప్పటికే ఖర్చయిందనీ, గడువు బదిలీ తేదీ నుంచేననీ అనుకుందాం. రెండు షరతుల్లోనూ "మొత్తం" అని ఉంటే 3,66,000 కట్టాలి. రెండింట్లోనూ దామాషా ఉంటే బోనస్‌లో తొమ్మిది నెలలకి 90,000, బదిలీ ఖర్చులో ఆరు నెలలకి 63,000, కలిపి 1,53,000. డిపాజిట్ అడ్వాన్సులో మిగిలింది రెండు సందర్భాల్లోనూ అదనం. అది అప్పే కనుక దాని మీద పేచీ లేదు.

లారీ వాళ్లకి కంపెనీ నేరుగా కట్టిన బిల్లు ఎంతో ఆయనకి తెలియకపోవచ్చు. ఏడాది తర్వాత వసూలు కాగితంలో 42,000 బదులు 61,000 కనిపిస్తే కాదనడానికి ఆధారం ఉండదు. అందుకని బిల్లు కాపీ అడగాలి, లేదా వాపసుకి గరిష్ఠ మొత్తం ఇంత అని అంకె వేయించుకోవాలి.

## చెన్నైలో ఉన్నది ఇదే కంపెనీయా?

ఆక్వా రంగంలో ఒకే యజమాని కింద హేచరీ ఒక కంపెనీ, మేత ఒక కంపెనీ, ప్రాసెసింగ్ మరో కంపెనీగా ఉండటం మామూలే. బోర్డు మీద పేరు ఒకేలా కనబడుతుంది, జీతం స్లిప్పు మీద మాత్రం వేరే పేరుంటుంది. చెన్నై ఆఫీసు అలా వేరే కంపెనీది అయితే, హెచ్ఆర్ తరచు అడిగేది "ఇక్కడ రాజీనామా లెటరు ఇవ్వండి, అక్కడ కొత్త ఆఫర్ లెటరు ఇస్తారు, ఫార్మాలిటీ అండీ" అని.

మన మేనేజరు షరతుని గుర్తు తెచ్చుకోండి. ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే. ఆ ఫార్మాలిటీ రాజీనామాతో భీమవరం కంపెనీలో ఉద్యోగం కాగితం మీద ముగిసినట్టే. ఆ రోజు ఎవరూ డబ్బు అడగరు. ఏడాది తర్వాత ఆయన చెన్నైలో మానేసి, సంబంధాలు చెడినప్పుడు పాత ఫైలు బయటికి రావొచ్చు. గ్రాట్యుటీకి లెక్కించే సర్వీసు కూడా అక్కడ తెగుతుంది. దీనికి మందు సులువైనదే. రాజీనామా బదులు బదిలీ లెటరు ఇమ్మనాలి. అందులో సర్వీసు 2025 ఏప్రిల్ 1 నుంచి కొనసాగుతుందని, ఈ మార్పు వల్ల జాయినింగ్ బోనస్ వాపసు షరతు వర్తించదని రెండు వాక్యాలు ఉండాలి. పాత పీఎఫ్ ఖాతాని అదే యూఏఎన్ కింద కొత్త కంపెనీకి మార్పించుకోవచ్చు.

## మాట ఎవరితో, ఏ వరసలో

ప్లాంటు హెడ్‌కి షరతులు మార్చే అధికారం ఉండదు, కానీ మనిషి పోతే పని ఆగేది ఆయనకే. హెచ్ఆర్‌కి అధికారం ఉంటుంది, అవసరం అంత ఉండదు. అందుకే మన మేనేజరు ముందు ప్లాంటు హెడ్ దగ్గరికెళ్లి, "వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు సార్, కాగితంలో కొన్ని సరిచేస్తే జనవరి 1కే బయల్దేరతాను" అన్నాడు. ఆయన నోటితో హెచ్ఆర్‌కి ఫోన్ వెళ్లాకే మెయిల్ పెట్టాడు. వెళ్లనంటూ మొదలుపెట్టి ఉంటే అది తిరస్కారం కింద ఫైలుకెక్కేది, బదిలీ షరతు ఉన్నవాడికి అది మంచిది కాదు.

హెచ్ఆర్ నుంచి వచ్చే మొదటి జవాబు "పాలసీ అందరికీ ఒకటేనండీ". అందులో నిజముంది. ఒకరికి షరతు మారిస్తే రేపు మిగతా పదిమందీ అడుగుతారు. బోనస్ తీసుకుని ఆరు నెలల్లో దూకేసేవాళ్లని వాళ్లు చూసి ఉంటారు కూడా. అందుకే పాలసీ మార్చమని కాకుండా, ఈ ఒక్క బదిలీకి పరిమితమైన అడెండం అడగడం మేలు. పాత లెటరు అలాగే ఉంటుంది, దానికి ఒక పేజీ కలుస్తుంది. ఇద్దరి సంతకాలూ ఉంటాయి. ఫోన్లో ఇచ్చిన మాటకి ఆ విలువ ఉండదు. చాలా లెటర్లలో రాతపూర్వక సవరణ తప్ప మరేదీ చెల్లదన్న వాక్యం ఉంటుంది.

మన మేనేజరు అడెండంలో ఆరు సంగతులు అడిగాడు. వాపసు నెలవారీ దామాషాలో ఉండాలి, కంపెనీయే తీసేస్తే వర్తించకూడదు, చేతికొచ్చిన మొత్తమే లెక్క, రెండో బదిలీ వచ్చి దానివల్ల మానేస్తే వాపసు ఉండకూడదు, బదిలీ ఖర్చు గడువు జనవరి 1 నుంచే, సామాను క్లెయిము జూన్ ఆఖరుదాకా. ఇలాంటి జాబితాలో దామాషా, తేదీలు తేలిగ్గా దొరుకుతాయి, ఎందుకంటే వాటివల్ల కంపెనీకి ఈ రోజు రూపాయి ఖర్చు లేదు. కంపెనీయే తీసేస్తే అన్నదానికి "తప్పు చేసి తొలగిస్తే తప్ప" అని కలిపి ఒప్పుకుంటారు. రెండో బదిలీ మాట కొట్టేస్తారు, లేదా "పన్నెండు నెలల లోపు" అని కుదిస్తారు. పన్ను పోగా అన్నది దాదాపు ఎప్పుడూ దొరకదు. దాని బదులు, తిరిగి చెల్లించినప్పుడు ఎంత కట్టారో, ఏ తేదీన కట్టారో, అది ఏ ఏడాది ఏ బోనస్‌కి సంబంధించిందో చూపే లెటరు కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇస్తామని రాయించుకోవచ్చు. రిటర్న్‌లో ఆ 15.6 శాతం కోసం వాదించాల్సి వస్తే ఆడిటరు మొదట అడిగే కాగితం అదే.

మన మేనేజరు విషయంలోనూ అలాగే జరిగింది. ఐదింటికి ఏదో ఒక రూపంలో ఒప్పుకున్నారు, పన్ను పోగా అన్నదాని బదులు ఈ లెటరు మాట వచ్చింది. అడెండం డిసెంబరు రెండో వారంలో చేతికి అందింది. సంతకం పెట్టేముందు భార్య ఒకసారి చదివి, మొదటి పేరాలో బోనస్ కాలం ఎక్కడి నుంచి లెక్కన్నది చూసింది. "2026 జనవరి 1" అని ఉంది. పాత నమూనాలోంచి దింపినప్పుడు పడిందని హెచ్ఆర్ వాళ్లు సారీ చెప్పి, 2025 ఏప్రిల్ 1 అని మార్చి ఇంకో ప్రతి పంపారు.